దవీందర్ సింగ్ తీర్పు నోటు: జస్టిస్ త్రివేది ఎక్కడ విడిపోయారు, ఎందుకు?

ప్రశ్న: నేను జూనియర్ న్యాయవాదిని. ఎస్సీ వర్గీకరణపై 2024 నాటి దవీందర్ సింగ్ తీర్పుకు ఎనిమిది పుటల నోటు రాయమన్నారు మా సీనియర్ గారు. మెజారిటీకి ఏడు పుటలు పట్టింది. జస్టిస్ బేలా త్రివేది గారి భిన్నాభిప్రాయం ఒక్క పేరాలో అయిపోయింది. "ఆవిడ కాదన్నారని తెలుస్తోంది, ఎందుకు కాదన్నారో తెలియడం లేదు" అని వెనక్కి ఇచ్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎలా రాయాలి?

జవాబు:

మీ పేరా నేను చూడలేదు గానీ అందులో ఏముంటుందో ఊహించగలను. "వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు లేదని, అది పార్లమెంటుకే ఉందని జస్టిస్ త్రివేది అభిప్రాయపడ్డారు." ఇది తప్పు కాదు, కానీ ఇది ఆవిడ చేరిన చోటు. ఏ మలుపు దగ్గర మిగతా ఆరుగురి నుంచి పక్కకు తిరిగారో ఇందులో కనబడదు. లా రిపోర్టుకు హెడ్‌నోట్లు రాసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నేను చూసిన నోట్లలో ఎక్కువ భాగం ఇక్కడే దెబ్బతింటాయి.

మొదట చేయవలసింది విభేదాలు వెతకడం కాదు. ఆవిడ మెజారిటీతో ఎంతవరకు కలిసి నడిచారో రాసుకోండి. నేనైతే ఒక తెల్లకాగితం పెట్టుకుని భిన్నాభిప్రాయం చదువుతూ, మెజారిటీ కూడా ఒప్పుకునే ప్రతి మాటనూ అందులో దింపుతాను. ఈ కేసులో ఆ కాగితం తొందరగానే నిండుతుంది. షెడ్యూల్డ్ కులాల జాబితా 341వ అధికరణం కింద రాష్ట్రపతి నోటిఫికేషన్‌తో ఏర్పడుతుంది. ఆ జాబితాలో ఒక కులాన్ని చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. రిజర్వేషన్లు కల్పించే అధికారం 15(4), 16(4) కింద రాష్ట్రాలకు ఉంది. వీటిలో దేనిమీదా తగాదా లేదు. మరీ ముఖ్యంగా, జాబితాలోని కులాలు వేర్వేరు మూలాల నుంచి వచ్చాయన్న సంగతినీ త్రివేది కాదనలేదు. "ఎస్సీలంతా ఒకే స్థితిలో ఉన్నారని జస్టిస్ త్రివేది అన్నారు" అని రాసిన నోట్లు నా బల్ల మీదికి వచ్చాయి. ఆవిడ అన్నది అది కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆ కులాలకు నోటిఫికేషన్‌తో చట్టం దృష్టిలో ఒకే హోదా వచ్చిందన్నారు. ఊళ్లో కనిపించే తేడాలు వేరు, చట్టంలోని హోదా వేరు. ఈ రెంటినీ కలిపేస్తే భిన్నాభిప్రాయం మొత్తం అన్యాయంగా కనిపిస్తుంది.

నేపథ్యం అర పుట మించకూడదు. 1975లో పంజాబ్ ప్రభుత్వం ఒక సర్క్యులర్‌తో ఎస్సీ ఉద్యోగాల్లో సగం బాల్మీకి, మజహబీ సిక్కు కులాలకు మొదటి ప్రాధాన్యంగా ఇచ్చింది. మన దగ్గర 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం పదిహేను శాతం ఎస్సీ కోటాను ఎ, బి, సి, డి గ్రూపులకు వరుసగా 1, 7, 6, 1 శాతాలుగా పంచింది. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టేశారు. ఆ తీర్పు ఆధారంగానే 2010లో పంజాబ్, హరియాణా హైకోర్టు, పంజాబ్ 2006 చట్టంలో అదే ప్రాధాన్యం ఇచ్చిన సెక్షన్ 4(5)ను కొట్టేసింది. ఆ వ్యాజ్యమే సుప్రీంకోర్టులో ముగ్గురు, తరువాత ఐదుగురు, చివరికి ఏడుగురు న్యాయమూర్తుల ముందుకు వెళ్లి, 2024 ఆగస్టు 1న 6:1తో ముగిసింది. చిన్నయ్య తీర్పు చెల్లదని, రాష్ట్రాలు ఎస్సీలను ఉపవర్గాలుగా విడదీయవచ్చని మెజారిటీ అంది. నోటులో ఇంతకు మించి చరిత్ర అక్కర్లేదు. మీ ఏడు పుటల్లో రెండు ఇక్కడే ఖర్చయి ఉంటాయని నా అనుమానం.

ఇక అసలు మలుపు. 341వ అధికరణం రెండు క్లాజులను నోటులో పక్కపక్కన పెట్టండి. మొదటి క్లాజు ప్రకారం రాష్ట్రపతి పేర్కొన్న కులాలు "ఈ రాజ్యాంగ ప్రయోజనాల కోసం షెడ్యూల్డ్ కులాలుగా భావించబడతాయి". రెండో క్లాజు, పార్లమెంటు చట్టంతో చేర్చడం, తొలగించడం తప్ప ఆ నోటిఫికేషన్‌ను తరువాతి నోటిఫికేషన్‌తో మార్చకూడదంటుంది. తగాదా అంతా "భావించబడతాయి", "మార్చకూడదు" అన్న రెండు మాటల చుట్టూనే ఉంది.

జస్టిస్ చంద్రచూడ్, తనకూ జస్టిస్ మనోజ్ మిశ్రాకూ కలిపి రాసిన అభిప్రాయంలో "భావించబడతాయి" అన్న మాటను ఇరుకుగా చదివారు. చట్టం ఒక కల్పన చేసినప్పుడు ఆ కల్పన ఏ పని కోసం పుట్టిందో అంతవరకే సాగుతుంది. ఇక్కడి పని గుర్తింపు. ఈ కులాలు షెడ్యూల్డ్ కులాలు అని చెప్పడంతో అది తీరిపోతుంది. అవన్నీ ఒకే ముద్ద అని చెప్పడం దాని పని కాదు. కాబట్టి 14వ అధికరణం కింద మామూలు పరీక్ష వర్తిస్తుంది: లోపల తేడాలు నిజంగా ఉన్నాయా, విభజనకు హేతువు ఉందా, ఆ హేతువుకూ చట్టం లక్ష్యానికీ సంబంధం ఉందా? "మార్చకూడదు" అన్న మాటనూ ఆయన అక్షరార్థంగానే తీసుకున్నారు. ఏ కులాన్నీ చేర్చలేదు, తీయలేదు, అలాంటప్పుడు జాబితా మారలేదు.

త్రివేది అదే మొదటి మాటను వెడల్పుగా చదివారు. నోటిఫికేషన్‌తో ఆ కులాలకు వచ్చింది ఒక ప్రత్యేక హోదా, అది అందరికీ ఉమ్మడిగా వచ్చింది. దాన్ని ముక్కలు చేసి ఒక ముక్కకు ఇంత, మరో ముక్కకు ఇంత అని రాష్ట్రం పంచితే, రాష్ట్రపతి ఒకటిగా చేసినదాన్ని రాష్ట్రం విడదీసినట్టే. పేరుకు రిజర్వేషన్, నిజానికి జాబితాలో చేయి పెట్టడం. ఆ పని రాష్ట్ర శాసనసభ పరిధిలో లేదు.

ఇక్కడిదాకా రాసినా పాఠకుడికి పూర్తిగా దొరకదు. ఒక ఉదాహరణ మీద రెండు చదువులనూ నడిపించాలి. మన 2000 చట్టమే తీసుకోండి. గ్రూపు సి లో ఉన్న ఒక మాల అభ్యర్థిని ఊహించండి. చట్టానికి ముందు ఆయన పేరు జాబితాలో ఉంది, తరువాతా ఉంది. మెజారిటీ చూసేది ఇదే. ఇప్పుడు అదే అభ్యర్థిని నియామకం దగ్గర చూడండి. చట్టానికి ముందు పదిహేను శాతం పోస్టులకూ పోటీపడేవారు. తరువాత ఆరు శాతం ఆయన గ్రూపుకు మిగిలింది, తొమ్మిది శాతం ఇతర గ్రూపులకు వెళ్లింది. ఆ తొమ్మిదికి సంబంధించినంతవరకు ఆయన జాబితాలో ఉండీ లేనట్టే కదా అన్నది భిన్నాభిప్రాయం వైపు నుంచి వచ్చే ప్రశ్న. ఎ గ్రూపులోని రెల్లి అభ్యర్థి దగ్గర లెక్క తిరగబడుతుంది. కాగితం మీద పదిహేనుకూ పోటీపడవచ్చు, కానీ పెద్ద కులాల వారితో పోటీలో ఆ పదిహేనులో ఏమీ దక్కని స్థితి ఉందన్నదే వర్గీకరణ కోరినవారి వాదన. ఒక శాతమైనా తన పేరు మీద ఉంటే అది నిజంగా చేతికొచ్చే వాటా. ఒకే లెక్క, ఇద్దరు అభ్యర్థులు. మెజారిటీ ఎందుకు రెండోవారిని చూసిందో, త్రివేది ఎందుకు మొదటివారి వైపు నుంచి హోదాను చూశారో పాఠకుడికి ఇక్కడ అర్థమవుతుంది. అయితే ఈ ఉదాహరణ మీదని, న్యాయమూర్తులది కాదని నోటులో స్పష్టంగా రాయండి. లేకపోతే రేపు ఎవరో "త్రివేది మాల అభ్యర్థి గురించి అన్నారు" అని కోర్టులో చదివేస్తారు.

ఒకసారి నాకే ఇలా జరిగింది. ఒక హెడ్‌నోటులో నా వివరణ వాక్యాన్ని కొటేషన్ గుర్తులకు మరీ దగ్గరగా పెట్టాను. ఒక న్యాయవాది దాన్ని తీర్పులోని మాటగా చదివితే ధర్మాసనం పేరా నంబరు అడిగింది. ఆ మాట తీర్పులో ఎక్కడా లేదు. అప్పటినుంచి నా మాటలకు ముందు "వివరణ:" అని రాయకుండా పేరా మొదలుపెట్టను.

మెజారిటీ ఈ ప్రశ్నను ఎక్కడ ఎదుర్కొందో కూడా చూపండి. జాబితాలోని ఒక ఉపవర్గానికి మొత్తం ఎస్సీ కోటా నూరు శాతం ఇచ్చేసి, మిగతావారికి ఏమీ లేకుండా చేయకూడదని జస్టిస్ గవాయ్ స్పష్టంగా చెప్పారు. అంటే "లోపల పంచడం" ఒక హద్దు దాటితే "తీసేయడం" అవుతుందని మెజారిటీ కూడా ఒప్పుకుంది. ఆ హద్దు ఎక్కడ అన్నదే తేడా. త్రివేదికి మొదటి ముక్క కోయగానే హద్దు దాటినట్టే. మెజారిటీకి చివరి ముక్క కూడా పోయినప్పుడే. ఈ సంగతి ఒక్క వాక్యంలో రాసినా మీ సీనియర్ గారి ప్రశ్నలో సగానికి జవాబు దొరుకుతుంది.

రెండో మలుపు ఇంద్రా సాహ్నీ. 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన ఆ తీర్పును ఇద్దరూ ఒప్పుకుంటారు, వేర్వేరుగా చదువుతారు. ఇందులో మనవాళ్లకు దగ్గరి సంగతి ఒకటుంది. వెనకబడిన తరగతుల్ని ఉపవర్గాలుగా విడదీయవచ్చని చెప్పడానికి జస్టిస్ జీవన్‌రెడ్డి ఆంధ్రప్రదేశ్ ఉదాహరణే తీసుకున్నారు. స్వర్ణకారులు, రాళ్లు కొట్టే వడ్డెరలు ఇద్దరూ ఓబీసీలే. ఇద్దరినీ ఒకే గంపలో వేస్తే పోస్టులన్నీ స్వర్ణకారులకే పోతాయి, వడ్డెరలకు ఏమీ మిగలదన్నారు. అదే తీర్పులో క్రీమీలేయర్ గురించి మాట్లాడుతూ, ఈ చర్చ ఓబీసీలకే పరిమితం, ఎస్సీ ఎస్టీలకు సంబంధం లేదని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యంలోని "ఈ చర్చ" ఏ చర్చ?

జస్టిస్ చంద్రచూడ్ దాన్ని క్రీమీలేయర్ చర్చకే కట్టేశారు. వడ్డెర, స్వర్ణకారుల ఉదాహరణ ఉన్న ఉపవర్గీకరణ భాగం ఆ వాక్యం తరువాత విడిగా వస్తుంది, దానికి ఆ పరిమితి లేదన్నారు. కాబట్టి అదే తర్కం ఎస్సీలకూ వర్తించవచ్చు. ఇంద్రా సాహ్నీ ఎస్సీల ఉపవర్గీకరణను తాకనే లేదని, ఆ తీర్పును గమనించిన తరువాతే చిన్నయ్య ధర్మాసనం తేల్చిందని, కాబట్టి దాన్ని కదపనక్కర్లేదని త్రివేది వాదన. నోటులో ఇది రాసేటప్పుడు "ఇంద్రా సాహ్నీపై ఆధారపడ్డారు" అని ఇద్దరి పేరు కిందా ఒకే మాట రాయకండి. పాత తీర్పులోని ఏ భాగాన్ని, ఏ ప్రశ్నకు జవాబుగా చదివారో రాయండి. ఆ రెండు భాగాల పేరా నంబర్లు అసలు తీర్పు తెరిచి మీరే రాసుకోండి, ఇంకొకరి నోటులోంచి ఎత్తుకోకండి.

త్రివేది అభిప్రాయంలో మూడో పాయ ఒకటుంది. అది రాజ్యాంగం గురించి కాదు, ధర్మాసనాల క్రమశిక్షణ గురించి. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఐదుగురి తీర్పును శంకించేటప్పుడు కారణాలు రాయాలి, అవి లేకుండానే వ్యవహారం పైకి నడిచిందన్నది ఆవిడ అభ్యంతరం. చిన్నయ్య సరైనదా కాదా అన్నదానితో దీనికి నేరుగా సంబంధం లేదు. 341 వాదనతో కలిపి రాస్తే రెండూ బలహీనపడతాయి. రెండు వాక్యాలు చాలు, కానీ విడి పేరాలో.

142వ అధికరణం గురించి కూడా ఆవిడ ఒక మాట అన్నారు. రాజ్యాంగానికి విరుద్ధమైన రాష్ట్ర చర్యకు సుప్రీంకోర్టు ఆ అధికారంతో ప్రాణం పోయలేదని. దీన్ని చివర్లో ఒక వాక్యంలో పెట్టండి.

ఇక మీ నోటులో తప్పకుండా వెతకవలసిన తప్పు. "ఎస్సీలకు క్రీమీలేయర్ వర్తింపజేయాలని 6:1 మెజారిటీతో తీర్పు" అని ఎక్కడైనా ఉంటే కొట్టేయండి. ఆ మాట అన్నవారు నలుగురు: గవాయ్, విక్రమ్ నాథ్, పంకజ్ మిత్తల్, సతీశ్‌చంద్ర శర్మ. చంద్రచూడ్, మిశ్రా ఆ జోలికి వెళ్లలేదు. త్రివేది కూడా వెళ్లలేదు. ధర్మాసనానికి నివేదించిన ప్రశ్న అది కాదు. ఏడుగురిలో నలుగురు అన్నారు కాబట్టి కట్టుబడి ఉండాల్సిన తీర్పేనని కొందరు వాదిస్తారు. తలలు లెక్కపెట్టే ముందు ఆ మాట ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. ఈ కేసులో నిర్ణయానికి అది అవసరం కాలేదని నా అభిప్రాయం, నా నోటులోనైతే దాన్ని తీర్పు భాగంలో కాక "ఇతర వ్యాఖ్యలు" కింద పెడతాను. ఆరు విడి అభిప్రాయాలున్న తీర్పులో ఈ జాగ్రత్త తప్పదు. ఎవరెవరు ఏ ప్రశ్న మీద ఎవరితో ఉన్నారో ఒక చిన్న పట్టీ గీసుకోండి. అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా న్యాయమూర్తుల పేర్లు. ఖాళీ గడులు ఎన్ని మిగులుతాయో చూస్తే ఆశ్చర్యపోతారు. ఖాళీ గడి అంటే అంగీకారమూ కాదు, విభేదమూ కాదు.

గవాయ్ అభిప్రాయంలో రైల్లో జనరల్ బోగీ పోలిక ఉంది: బయటున్నప్పుడు ఎక్కడానికి పెనుగులాడినవాడే, ఎక్కాక ఇంకొకరిని రానివ్వడు. పత్రికలన్నీ దాన్నే ఎత్తుకున్నాయి. చదవడానికి బాగుంటుంది గానీ తీర్పు కారణాల్లో దానికి చోటు లేదు, మీ నోటులోనూ వద్దు. అలాగే "ధైర్యంగా విభేదించారు", "ఒంటరి గొంతు" లాంటి మాటలు కూడా. ఆవిడ ఒంటరి అని 6:1 అన్న అంకె చెబుతూనే ఉంది.

భిన్నాభిప్రాయం మెజారిటీకి జవాబు చెప్పిందా లేదా అన్నది కూడా పరీక్షించండి. ఎస్సీల్లో అంతరాలున్నాయని చూపించే ఆధారాలకు మెజారిటీ చాలా పుటలు కేటాయించింది. త్రివేది వాటిని ఒక్కొక్కటిగా ఖండించలేదు. ఆవిడ దారిలో వాటి అవసరమే రాదు, ఎందుకంటే హోదా ఒకటేనని తేలాక లోపలి తేడాలు ఎన్ని ఉన్నా రాష్ట్రానికి అధికారం పుట్టదు. "ఈ ఆధారాలను త్రివేది తోసిపుచ్చారు" అని రాస్తే తప్పు. "ఈ ఆధారాలు తన కారణానికి అవసరం లేదన్న దారిలో వెళ్లారు" అంటే ఒప్పు. అదే విధంగా, జాబితా జోలికి రాజకీయాలు రాకూడదన్న ఉద్దేశం 1949 సెప్టెంబరు 17న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాటల్లోనే కనిపిస్తుంది. భిన్నాభిప్రాయం భయం అదే: నేడు ఒక ప్రభుత్వం విడదీస్తుంది, రేపు ఇంకొకటి తన ఓట్ల లెక్కతో మళ్లీ విడదీస్తుంది. మెజారిటీ ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. అంకెలతో కూడిన సమాచారం చూపాలి, ఇష్టానుసారం చేయకూడదు, న్యాయసమీక్ష ఉంటుంది అన్న షరతులతో దాన్ని కట్టడి చేసింది. ఒకరు తలుపు మూశారు, ఇంకొకరు తలుపు దగ్గర కాపలా పెట్టారు.

మీ పేరా స్థానంలో ఇలా మొదలుపెట్టి చూడండి:

"జాబితాలో చేర్పులు, తొలగింపులు పార్లమెంటు పనే అన్న విషయంలో ఏడుగురూ ఏకమే. జాబితాలోని కులాల మధ్య కోటాను పంచడం కూడా జాబితాను మార్చడమే అవుతుందా అన్న దగ్గర జస్టిస్ త్రివేది విడిపోయారు. 341(1) కింద ఆ కులాలకు వచ్చినది గుర్తింపు మాత్రమే కాదు, విడదీయరాని ఉమ్మడి హోదా అని ఆవిడ చదివారు. అందువల్ల రాష్ట్రం చేసే ఏ ఉపవర్గీకరణ అయినా 341(2)కు అడ్డం వస్తుంది. మెజారిటీ ఆ హోదాను గుర్తింపుకే పరిమితం చేసింది కాబట్టి, ఎవరినీ పూర్తిగా బయటకు నెట్టనంతవరకు పంపకం జాబితాను తాకదంది."

ఐదు వాక్యాలు. ఇందులో కారణం ఫలితం కంటే ముందు వచ్చింది చూడండి. రాశాక మీ ఆఫీసులో ఈ తీర్పు చదవని ఒకరికి ఇచ్చి, త్రివేది వైపు రెండు నిమిషాలు వాదించమనండి. వాదించగలిగితే నోటు పని చేసింది. "రాష్ట్రాలకు అధికారం లేదు, అంతే" అని ఆగిపోతే, తప్పు ఆయనది కాదు, మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లండి.

మరొకటి, నోటు తేదీ వేయండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ కోటా మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలతో అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది మూడు గ్రూపుల దారిలోనే వెళ్లింది. ఈ చట్టాలపై వాదనలు వస్తే మీ నోటు మెజారిటీ షరతుల కోసం తెరుస్తారు. ఎదుటి పక్షం మాత్రం ఆ మాల అభ్యర్థి ఉదాహరణలోని తొమ్మిది, ఆరు శాతాల లెక్క దగ్గర భిన్నాభిప్రాయం వైపు నుంచి ఏ ప్రశ్న వస్తుందో వెతుకుతుంది. ఆ పుటకు ఒక గుర్తు పెట్టి ఉంచండి.